మసాజ్‌కు ఎసెన్షియల్ ఆయిల్ ఎంచుకునే ముందు క్లయింట్‌ను ఏమేం అడగాలి?

"మీకేమైనా జబ్బులు ఉన్నాయా?" అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది "ఏమీ లేవండి" అనే అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. రోజూ మాత్ర వేసుకుని అదుపులో ఉంచుకున్న బీపీని వాళ్లు జబ్బు కింద లెక్కేయరు. ఎప్పుడో జరిగిన ఆపరేషన్‌కూ నడుం మీద రాసే నూనెకూ సంబంధం ఉంటుందని వాళ్లకు తట్టదు. అందుకే జబ్బు పేరు అడక్కండి. రోజూ ఏం మింగుతున్నారు, ఒంటికి ఏం రాసుకుంటున్నారు, ఏది పడలేదు, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారు అని అడగండి. నేను విశాఖలో ఆడవాళ్లకు మసాజ్ చేస్తాను. కొన్నేళ్లుగా ఏ సీసా మూత తీయాలన్నా ముందు ఈ ప్రశ్నలు అడుగుతున్నాను. అడిగే వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చోటు చూసుకోండి

ఈ మాటలు రిసెప్షన్‌లో మాట్లాడుకునేవి కావు. కోడలితో అత్తగారు వస్తారు, కూతురితో తల్లి వస్తుంది. పక్కన మనిషి ఉంటే ఫిట్స్ గురించి, నెల తప్పడం గురించి, మనసు బాగోక వాడే మాత్రల గురించి ఎవరూ నోరు విప్పరు. క్లయింట్‌ను లోపలికి తీసుకెళ్లి తలుపు వేయండి. ఆమె బట్టలు మార్చుకోకముందే కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడండి. బల్ల మీద పడుకున్నాక అడిగితే "ఏదో ఒకటి రాయండి" అనేస్తారు.

ఒక్క మాట ముందే చెప్పండి: "కొన్ని నూనెలు కొన్ని మందులతో పడవండీ, అందుకే అడుగుతున్నాను." కారణం తెలిస్తే మనుషులు దాచరు. ఈ మాటలకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలను మసాజ్ టైములోంచి కోయకండి. కోస్తే మీరు తొందరపడతారు, ఆమె కూడా తొందరపడుతుంది.

మొదటి ప్రశ్న: "రోజూ ఏం మాత్రలు వేసుకుంటారు? స్ట్రిప్ చూపిస్తారా?"

అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇదే. పేరు గుర్తు లేదంటే ఫోన్‌లో ఫోటో ఉందేమో అడగండి, ఇంట్లోవాళ్లతో ఒక ఫోటో తీయించి పంపమనండి. మీకు మందులన్నీ తెలియక్కర్లేదు. ముఖ్యంగా చూడాల్సింది రక్తం పలచబడటానికి ఇచ్చే మాత్రలు. వార్ఫరిన్, అసినోకౌమరాల్ అని ఉంటే ఆగిపోండి. క్లోపిడోగ్రెల్, రోజూ వేసుకునే ఆస్పిరిన్ ఉన్నా జాగ్రత్త పడాలి.

దీని వెనుక విషయం ఇది. మోకాళ్ల నొప్పులకు, నడుం నొప్పికి మనం ఇష్టంగా వాడే వింటర్‌గ్రీన్ నూనెలో దాదాపు అంతా మిథైల్ సాలిసిలేట్ అనే పదార్థమే. మన నొప్పుల తైలాల మీద వింటర్‌గ్రీన్ నూనెనే గంధపుర తైలం అని రాస్తారు. చర్మం గుండా మిథైల్ సాలిసిలేట్ బాగా లోపలికి వెళ్తుంది. వెళ్లాక ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన పదార్థంగానే మారుతుంది. వార్ఫరిన్ లాంటి మాత్ర వాడే మనిషికి దీన్ని పైనుంచి రుద్దితే రక్తం ఉండాల్సిన దానికన్నా పలచబడవచ్చు. కేవలం ఇది ఉన్న నొప్పి బామ్ రాసుకోవడం వల్లే ఇలా జరిగిన కేసులను వైద్యులు నమోదు చేశారు. నోట్లోకి ఏమీ పోలేదు కదా అనుకుని ఊరుకోవడానికి లేదు.

అరవై దాటిన రిటైర్డ్ టీచర్ ఒకావిడ మోకాళ్ల నొప్పులని వచ్చారు. ఆరోగ్యం ఎలా ఉందంటే "నిక్షేపంగా ఉన్నానమ్మా" అన్నారు.

"రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా టీచర్ గారూ?"

"బీపీకి ఒకటి. సాయంత్రం ఇంకో చిన్న మాత్ర. అది గుండెకి."

"గుండెకి ఏమైంది?"

"కవాటం మార్చారు. తొమ్మిదేళ్లవుతోంది. అది ఎప్పుడో బాగైపోయింది కదమ్మా!"

సంచిలో ఉన్న స్ట్రిప్ తీసి చూపించారు. అసినోకౌమరాల్. నెలనెలా రక్తపరీక్ష చేయించుకుంటారా అని అడిగితే, అదేదో ఐఎన్‌ఆర్ అట, చేయిస్తామన్నారు. రక్తం ఎంత పలచగా ఉందో చూసే పరీక్ష అది. మాత్ర డోసు దాన్ని బట్టే మారుస్తారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నకే అసలు సంగతి బయటపడింది. "మోకాళ్లకి ఇంట్లో ఏం రాస్తున్నారు?" అన్నాను. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి నొప్పి బామ్ రాసి, పైన గుడ్డ చుడుతున్నారట. గుడ్డ చుడితే వేడికి మందు ఇంకా ఎక్కువగా లోపలికి వెళ్తుంది. చేతులు చూపించమన్నాను. ముంజేతి మీద రెండు చోట్ల కమిలిన మచ్చలు ఉన్నాయి. ఎక్కడ తగిలిందో ఆవిడకే తెలియదు.

నేను మోకాళ్ల నొప్పులకు అప్పటికే కలిపి ఉంచిన నూనెలో వింటర్‌గ్రీన్ ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను. 30 మి.లీ. నువ్వుల నూనెలో 4 చుక్కల లావెండర్ మాత్రమే కలిపాను. గట్టిగా నొక్కలేదు, బొటనవేలితో లోతుగా తోయలేదు. రక్తం పలచగా ఉన్న ఒంటిమీద మామూలు ఒత్తిడికే కమిలిపోతుంది. అరచేత్తో మెల్లగా పాముతూ అరగంట చేశాను. వెళ్లేముందు ఒక చీటీ మీద బామ్ పేరు, రోజుకు ఎన్నిసార్లు రాస్తున్నారో రాసిచ్చి, "ఇది మీ డాక్టరు గారికి చూపించండి, వచ్చే పరీక్ష దాకా ఆగకండి" అని చెప్పాను. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, విరేచనం నల్లగా అయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలని కూడా చెప్పాను. మాత్ర ఆపమని మాత్రం చెప్పలేదు. కవాటం మార్చినవాళ్లు ఆ మాత్ర ఆపితే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. మందు తగ్గించడం, ఆపడం డాక్టరు పని. మన చేతిలో ఉన్నది మన సీసా ఒక్కటే.

మాత్రల గురించి అడిగినప్పుడే ఒంటిమీద అంటించుకునే మందు ప్యాచ్‌లు ఏమైనా ఉన్నాయా అని కూడా అడగండి. ఉంటే ఆ చుట్టుపక్కల నూనె రాయకండి, వేడి పెట్టకండి.

రెండో ప్రశ్న: "ఒంటికి ఏది రాస్తే పడలేదు? ఈ వారంలో చర్మానికి ఏం చేయించారు?"

ఈ ప్రశ్నలో రెండో సగం నేను ఒక తప్పు చేశాక నేర్చుకున్నది. పని మొదలుపెట్టిన కొత్తలో ఒకమ్మాయికి కాళ్లకు మసాజ్ చేశాను. 30 మి.లీ. నూనెలో 8 చుక్కల నిమ్మగడ్డి నూనె కలిపాను, ఆ వాసన ఆమెకు ఇష్టమని. జబ్బులు లేవంది, అలర్జీలు లేవంది. మర్నాటికి రెండు పిక్కలూ ఎర్రగా పొక్కి, దురదతో నిద్రపోలేదు. ఆ రోజు పొద్దునే ఆమె కాళ్లకు వ్యాక్సింగ్ చేయించుకుందని తర్వాత తెలిసింది. నేను అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. పైగా నేను కలిపిందే ఎక్కువ. నిమ్మగడ్డి నూనెలోని సిట్రాల్ చర్మాన్ని మండించే రకం. ఒంటికి నిమ్మగడ్డి నూనెను 0.7 శాతం దాటనివ్వకూడదు, అంటే 30 మి.లీ.కి 4 చుక్కలు. నేను దానికి రెట్టింపు పోశాను.

అందుకని ఇలా అడగండి: వ్యాక్సింగ్, షేవింగ్, బ్లీచ్, ఫేషియల్ పీల్ లాంటివి రెండు మూడు రోజుల్లో ఏమైనా చేయించారా? చేయించి ఉంటే ఆ భాగానికి ఉత్త నూనె చాలు, లేదా అక్కడ వదిలేయండి. ఏదైనా సెంటు, తలనూనె, సబ్బు, బామ్ వాడినప్పుడు దురద వచ్చిందా? వచ్చి ఉంటే ఆ డబ్బా మీది పేరు రాసుకోండి. గజ్జి, తామర, ఎగ్జిమా, మానని పుండు ఉంటే అక్కడ చేయి వేయకండి.

కలిపే నూనె గురించి కూడా అడగాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు. "నువ్వుండలు తింటే ఏమైనా అవుతుందా? వేరుశనగలు, బాదం పడతాయా?" అంటే చాలు. నువ్వులు పడని మనిషికి నువ్వుల నూనెతో మసాజ్ చేస్తే, అందులో ఏ లావెండర్ కలిపినా లాభం లేదు.

అనుమానం ఉన్న చోట ప్యాచ్ టెస్ట్ చేయండి. ఉత్త ఎసెన్షియల్ ఆయిల్‌తో చేయకూడదు, మీరు వాడబోయే పాళ్లలో కలిపిన నూనెతోనే చేయాలి. మోచేతి మడత లోపలివైపు రెండు చుక్కలు రాసి, చిన్న ప్లాస్టర్ అంటించి ఒక రోజు ఉంచమనండి. ప్లాస్టర్ తీశాక ఇంకో రోజు చూడమనండి. అలర్జీ దద్దుర్లు వెంటనే రావు, ఒక్కోసారి రెండో రోజుకి బయటపడతాయి. గంటసేపు చూసి ఏమీ కాలేదు కదా అంటే అది టెస్ట్ కాదు.

మీ సీసా వయసు కూడా చూసుకోండి. మూత తీసి ఏళ్లు గడిచిన టీట్రీ, లావెండర్, నిమ్మ జాతి నూనెలు గాలికి చెడి, కొత్తగా ఉన్నప్పుడు చేయని దురద చేస్తాయి. మూత తీసిన రోజు తేదీ సీసా మీద రాసిపెట్టండి.

షుగర్ ఉందంటే ఇంకో ప్రశ్న

"నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదా?" అని అడగండి. తెలియట్లేదంటే పాదాలకు స్పర్శ తగ్గినట్టు. అలాంటివాళ్లకు నూనె వేడిగా ఉన్నా, పుదీనా నూనె మండుతున్నా మీకు చెప్పలేరు, ఎందుకంటే వాళ్లకే తెలియదు. నూనె వేడి మీ మణికట్టు మీద చూసుకోండి. వేళ్ల మధ్య, మడమ పగుళ్లలో పుండు ఉందేమో లైటు వేసి చూడండి. పాదాలకు ఘాటు నూనెలు వద్దు.

మూడో ప్రశ్న: "చివరిసారి పీరియడ్ ఎప్పుడు వచ్చింది? ఇంట్లో పసిపిల్లలున్నారా?"

"ప్రెగ్నెంటా?" అంటే కొత్తగా నెల తప్పినవాళ్లు ఇంకా ఎవరికీ చెప్పని దశలో ఉండి, కాదంటారు. తేదీ అడిగితే వాళ్లే లెక్క చూసుకుంటారు. ఆలస్యమైందన్నా, పిల్లల కోసం చూస్తున్నామన్నా ఎసెన్షియల్ ఆయిల్ జోలికి పోకండి. మొదటి మూడు నెలలూ నేను వాడనే వాడను. ఆ తర్వాత, వాళ్ల డాక్టరు మసాజ్‌కు సరే అంటే, 30 మి.లీ.కి 6 చుక్కలు దాటకుండా లావెండరో తియ్య నారింజో వాడతాను. అది సుమారు 1 శాతం. కర్పూరం, వింటర్‌గ్రీన్, సేజ్, హిస్సోప్ గర్భిణి ఉన్న గదిలోకే తీసుకురాను.

బాలింతలది వేరే సంగతి. ఒళ్లు పట్టించుకోవడం మనకు అలవాటే కాబట్టి ఎక్కువగా వస్తారు. కానీ ఆమె ఇంటికెళ్లి బిడ్డను రొమ్ముకు ఆనించుకుంటుంది. ఛాతీ మీద, మెడ మీద రాసిన పుదీనా, యూకలిప్టస్, కర్పూరం నేరుగా ఆ పసిముక్కుకు తగులుతాయి. పసిపిల్లలకు వీటి ఘాటుకు గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. బాలింతకు ఉత్త నువ్వుల నూనె రాయండి. జలుబు చేసిందని పిల్లాడి ముక్కు దగ్గర రాయడానికి నూనె అడిగితే ఇవ్వకండి.

నాలుగో ప్రశ్న: "ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయారా? ఏ వాసనకైనా ఆయాసం వస్తుందా?"

ఫిట్స్ ఉన్నాయని ఒప్పుకోవడం, ముఖ్యంగా పెళ్లి కావాల్సిన అమ్మాయిలకు, చాలా కష్టం. అందుకే ఫిట్స్ అనే మాట ముందు వాడకండి. స్పృహ తప్పడం గురించి అడగండి, నరాల డాక్టరు రాసిన మాత్రలేమైనా ఉన్నాయా అని అడగండి. ఉన్నాయంటే కర్పూరం, యూకలిప్టస్, రోజ్‌మేరీ, సేజ్, హిస్సోప్ ఏవీ వద్దు. కర్పూరం, యూకలిప్టస్ ఉన్న బామ్‌లు, నూనెల వల్ల ఫిట్స్ వచ్చినవాళ్లను దక్షిణాది నరాల వైద్యులు చాలామందినే చూశారు. మన ఇళ్లలో ఇవి అంత మామూలు. లావెండర్ అని రాసి ఉన్నా సీసా సరిగ్గా చూడండి. స్పైక్ లావెండర్ అనే రకంలో కర్పూరం ఎక్కువ.

ఉబ్బసం సంగతి తెలియాలంటే అగరుబత్తి పొగ పడుతుందా, మిరపకాయల పోపు ఘాటుకు దగ్గు తెర వస్తుందా అని అడిగితే సరిపోతుంది. వస్తుందంటే గదిలో డిఫ్యూజర్ ఆపేయండి, కిటికీ తెరవండి. దూదిమీద ఒక్క చుక్క వేసి చేతిదూరంలో పట్టుకుని ఒక నిమిషం చూడండి. ఛాతీ బిగిసినట్టు ఉందన్నా, గొంతు గరగరలాడినా ఆ రోజుకు వాసనే లేకుండా చేయండి. ఇన్‌హేలర్ ఉంటే చేతికందేలా పెట్టించండి.

ఐదో ప్రశ్న: "ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారు?"

ఇది ఆరోగ్య ప్రశ్నలా అనిపించదు. కానీ బెర్గమాట్ నూనె, తొక్కలు పిండి తీసిన నిమ్మ, లైమ్ నూనెలు రాసిన చర్మంపై ఎండ పడితే కాలినట్టు ఎర్రబడి, నల్ల మచ్చలు పడి నెలల తరబడి పోవు. ఇక్కడి నుంచి స్కూటీ మీద మిట్టమధ్యాహ్నం ఇంటికి వెళ్లే అమ్మాయి చేతులకు, మెడకు ఇవి రాయకూడదు. రాస్తే 12 గంటలు ఎండ తగలనివ్వకూడదు. ఆవిరి పట్టి తీసిన లైమ్, నిమ్మ నూనెలకు ఈ బాధ లేదు. కానీ ఏ పద్ధతిలో తీశారో సీసా మీద రాసి లేకపోతే మొదటి రకమే అనుకోండి. నిమ్మ వాసనే కావాలంటే నేను తియ్య నారింజ వాడతాను, దానికి ఎండ భయం లేదు.

ఇప్పుడు సీసా తీయండి

విన్నదంతా ఒక కార్డు మీద రాసుకోండి: మాత్రలు, పడనివి, ఆ రోజు కలిపిన నూనెలు, ఎన్ని చుక్కలు. కొత్తవాళ్లకు 30 మి.లీ.కి 6 చుక్కలతోనే మొదలుపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒంటి మసాజ్‌కు 12 చుక్కల దాకా వెళ్లవచ్చు, అది 2 శాతం. ఇది లావెండర్ లాంటి సౌమ్యమైన నూనెల లెక్క. దాల్చిన చెక్క నూనె, లవంగం నూనెలకు ఈ లెక్క వర్తించదు. నేను వాటిని ఒంటికి అసలు వాడను. మొదటిసారి ఒకే రకం నూనె వాడండి. మూడు కలిపి రాస్తే, దద్దురు వచ్చినప్పుడు ఏది కారణమో చెప్పలేరు. జవాబుల్లో ఒక్కటి అర్థం కాకపోయినా, ఏదో కొత్త మందు పేరు కనిపించినా ఆ రోజుకు ఉత్త నువ్వుల నూనె వాడండి. డబ్బులు తగ్గించక్కర్లేదు, మీ చేతి పనికే వాళ్లు వచ్చారు.

ఒక సంగతిలో మాత్రం ఏ నూనే వద్దు. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉందంటే, అందులోనూ దూర ప్రయాణమో ఆపరేషనో అయ్యాక వచ్చిందంటే, లోపల రక్తం గడ్డ ఉండొచ్చు. ఆ కాలిని ముట్టుకోకుండా ఆస్పత్రికి పంపండి.

మసాజ్ మధ్యలో మంట అంటే నీళ్లు పోయకండి, నూనె నీళ్లకు పోదు. ముందు ఉత్త నూనె రాసి గుడ్డతో తుడవండి, తర్వాత సబ్బుతో కడగండి. పెదవులు, మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి.

మళ్లీ వచ్చినప్పుడు కార్డు తీసి, "పోయినసారి నుంచి మాత్రలు ఏమైనా మారాయా?" అని అడగండి. టీచర్ గారు మూడు వారాల తర్వాత వచ్చారు. డాక్టరు బామ్ ఆపించారట, ఐఎన్‌ఆర్ మళ్లీ చేయించారట. ముంజేతి మీద మచ్చలు పసుపు రంగుకు తిరిగి మానుతున్నాయి. నేను అడగకముందే సంచిలోంచి స్ట్రిప్‌లన్నీ తీసి బల్ల మీద పరిచి, "చూసుకో అమ్మా, ఇందులో ఒకటి కొత్తది" అన్నారు.